యోగా నేర్పే చోటుకు ఏ పేరు?

తెలుగునాట యోగా, ధ్యానం నేర్పే చోటుకు పేరు వెతకడం మొదలుపెడితే ముందుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మంచి మాటలన్నీ అప్పటికే ఎవరో ఒకరితో ముడిపడి ఉంటాయి. ‘ప్రశాంతి’ అంటే జనానికి పుట్టపర్తి. ‘సహజ’ అంటే సహజయోగమో, సహజ మార్గమో. ‘రాజయోగ’ అంటే తెల్లచీరల బ్రహ్మకుమారీలు. ‘పిరమిడ్’ అంటే పత్రీజీ. ‘ధమ్మ’ అంటే గోయెంకా గారి విపస్సన. హైదరాబాద్‌లోని ధమ్మఖేత్త, నాగార్జునసాగర్ దగ్గరి ధమ్మనాగజ్జున రెండూ ఆ సంప్రదాయంవే. ‘ఈశ’, ‘క్రియ’, ‘ఆనంద’ల సంగతీ అంతే. నిఘంటువు ప్రకారం ఇవేవీ ఎవరి సొత్తూ కావు. కానీ వీధిన పోయే మనిషి నిఘంటువు పట్టుకుని బోర్డు చదవడు. ‘సహజ ధ్యాన కేంద్రం’ అని కనిపిస్తే ‘ఓహో, వాళ్లదా’ అనుకుని ముందుకు సాగిపోతాడు. వాళ్లంటే గిట్టనివాడు మెట్టెక్కడు. వాళ్లలో మనిషేమో లోపలికొచ్చి, తనకు అలవాటైన పద్ధతి ఇక్కడ లేదేమిటని అడుగుతాడు. రెండు విధాలా నష్టమే.

ఆ మాటల్ని పక్కనపెట్టి సంస్కృతంలో ఇంకొంచెం లోతుకు వెళ్దామంటే మరో చిక్కు. ముక్తి, శాంతి, ధామం, వనం లాంటి మాటల్ని ఇప్పుడు ఎక్కువగా ఎక్కడ చదువుతున్నాం? తెలంగాణ పల్లెల్లో శ్మశానవాటిక పేరే వైకుంఠధామం. హైదరాబాద్‌లో మహాప్రస్థానం ఉంది. చాలా ఊళ్లలో ముక్తిధామం, స్వర్గధామం అన్న బోర్డులు ఊరి చివరే కనిపిస్తాయి. యోగశాస్త్రంలో సమాధి ఎనిమిదో అంగం, అన్నిటికన్నా పై మెట్టు. ఊళ్లో సమాధి అంటే మనిషిని పూడ్చిన చోటు. ఆశ్రమం అనే మాట ఒకప్పుడు ఎంత నిండుగా ఉండేదో గానీ, ఇవాళ ముందుగా తోచేది వృద్ధాశ్రమం. యాభై ఏళ్ల మనిషి నడుంనొప్పి తగ్గుతుందేమోనని వస్తూ, ఇలాంటి పేరున్న మెట్లెక్కడానికి తప్పకుండా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఈ చిక్కుల్ని విడివిడిగా చెప్పుకోవడం కన్నా ఒక చోటు తీసుకుని మొదటినుంచి చివరిదాకా పేరు వెతికి చూస్తే బాగా తెలుస్తుంది. విజయవాడ గుణదలలో, రోడ్డు మీదికి కిటికీలున్న ఒక మేడమీది హాలు అనుకుందాం. కింద మందుల షాపు. ఇరవై చాపలు పరిస్తే నిండిపోతుంది. నేర్పే టీచరమ్మ పొద్దున ఆసనాలు, ప్రాణాయామం చేయిస్తుంది, సాయంత్రం నలభై నిమిషాలు ధ్యానంలో కూర్చోబెడుతుంది. గుణదలంటే మేరీమాత కొండ. ఏటా ఫిబ్రవరిలో తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, టీచర్లు, కాలనీల్లోని రిటైరైన ఉద్యోగులు, కాన్పు తర్వాత ఒళ్లు దగ్గరికి రావాలనుకునే ఆడపిల్లలు, రెండు వీధుల అవతలి ముస్లిం కుటుంబాల వాళ్లు, వీళ్లే రాగలిగినవాళ్లు. గుడికి వెళ్లేవాళ్లూ, చర్చికి వెళ్లేవాళ్లూ, ఎక్కడికీ వెళ్లనివాళ్లూ ఒకే గదిలో పక్కపక్కన చాప వేసుకోవాలి. బోర్డు మీద పేరు వీళ్లలో ఎవరినీ మెట్ల దగ్గరే ఆపేయకూడదు.

పేరు గురించి ఆలోచించేముందు ఆ టీచరమ్మ తన క్లాసు గురించి ఒక మాట నిజాయితీగా తేల్చుకోవాలి. క్లాసు మొదట్లో ఏం చేస్తుంది, చివర్లో ఏం చేస్తుంది? శ్లోకంతో మొదలుపెట్టి, సూర్యనమస్కారాల్లో పన్నెండు మంత్రాలూ చెప్పించి, గోడమీద తన గురువుగారి పటానికి దండ వేసే పద్ధతి అయితే, అది ఆమె హక్కు, ఆమె పరంపర. అందులో తప్పేమీ లేదు. కానీ అప్పుడు బోర్డు మీద కూడా ఆ సంగతి తెలిసేలా ఉండాలి. ఏ నమ్మకానికీ చెందనట్టు కనిపించే పేరు పెట్టి, లోపల ఒక నమ్మకాన్ని నడిపించడం వచ్చినవాళ్లను మోసగించడమే. మొదటి రోజే వాళ్లకు అర్థమవుతుంది, రెండో రోజు రారు, ఇంకో పదిమందికి చెబుతారు. 2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిపినప్పుడు కేంద్ర ప్రభుత్వానికి కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. ముస్లిం సంస్థల అభ్యంతరం తర్వాత అందరూ కలిసి చేసే ఆ రోజు కార్యక్రమంలో సూర్యనమస్కారాలు లేకుండా చూశారు. ‘అందరికీ’ అన్న మాట పైన రాస్తే లోపల చేసేది కూడా దానికి సరిపోవాలి. పేరు మార్చినంత మాత్రాన అది జరగదు.

దీనికి రెండో కొస కూడా ఉంది, అది నాకు అసలు నచ్చదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం 1993లో ప్రభుత్వ బడుల్లో యోగాను నిషేధించింది. 2021లో సడలిస్తూ చేసిన చట్టం ఆసనాలకు ఇంగ్లిషు పేర్లే వాడాలంది, మంత్రాలు వద్దంది, ఆఖరికి నమస్తే అనడం కూడా కుదరదంది. యోగా పుట్టిన నేలమీద మనం ఆ దారి పట్టాల్సిన పని లేదు. యోగ అన్న మాటే హిందూ, బౌద్ధ, జైన సంప్రదాయాలు మూడింటిలోనూ వేర్వేరు అర్థాల్లో వాడుకలో ఉంది. గుణదల టీచరమ్మ వృక్షాసనాన్ని వృక్షాసనం అనే అనవచ్చు. పేరు ఒకే నమ్మకానికి కట్టుబడకూడదంటే, ఎక్కడినుంచి వచ్చిందో దాచిపెట్టాలని కాదు. లోపల జరిగేదానికి మించి ఏమీ ఒప్పుకోమని అడగకుండా ఉండాలి, అంతే.

ఇక పేరు. చాలామంది మొదటి మాట కోసమే బుర్ర బద్దలు కొట్టుకుంటారు. నిజానికి చదివేవాడికి సంగతి తెలిపేది ఎక్కువగా చివరి మాట. ఒకే ‘తేజ’ తీసుకుని చూడండి. తేజ పీఠం అంటే లోపల స్వామీజీ ఉన్నారనిపిస్తుంది. తేజ మందిరం అంటే చెప్పులు బయట విప్పి, చేతులు జోడించి వెళ్లాలనిపిస్తుంది. తేజ స్టూడియో అంటే మన ఊళ్లలో పాస్‌పోర్టు ఫొటోల కోసం వస్తారు. హైదరాబాద్‌లో కొన్ని పేటల్లో తప్ప స్టూడియో అన్న మాటకు యోగా అర్థం ఇంకా రాలేదు. తేజ సెంటర్ అంటే జిరాక్సు నుంచి స్కానింగు దాకా ఏదైనా కావచ్చు. ‘శాల’ మాత్రం పాఠశాల, గ్రంథశాల, వ్యాయామశాల అంటూ అన్ని మతాలవాళ్లూ పిల్లప్పటినుంచి వింటున్న మాట. అక్కడికి వెళ్లేది నేర్చుకోవడానికో, పని చేయడానికో తప్ప మొక్కడానికి కాదని దానికదే చెబుతుంది. పైగా పాతది, పాతబడనిది. అందుకే యోగశాల అన్నది మంచి తోక. ఎక్కువమంది వాడుతున్నారన్నది దానికున్న ఒకే లోటు. అది తోకే కాబట్టి నష్టం లేదు, ముందున్న మాట తేడా చూపిస్తే చాలు.

ఫ్యాషన్ సంగతి కనిపెట్టడం కొంచెం కష్టం, ఎందుకంటే ఫ్యాషన్‌లో ఉన్న మాట ఆ రోజుల్లో చెవికి తాజాగానే ఉంటుంది. వెల్‌నెస్, హీలింగ్, జెన్, వైబ్, ఫ్లో, హబ్ లాంటివి సులభంగానే పట్టుబడతాయి. కానీ సంస్కృతంలోనూ ఫ్యాషన్ ఉంది. ప్రాణ, నిర్వాణ, కర్మ, చక్ర అన్నవి ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మీద, సబ్బుల మీద, కాఫీ షాపుల మీద కూడా ఉన్నాయి. ఒక మాట యోగాతో ఏ సంబంధమూ లేని మూడు రకాల వ్యాపారాల బోర్డుల మీద కనిపిస్తే, అది అర్థం కోసం కాక అందం కోసం వాడుతున్న మాటని తెలుసుకోవచ్చు. అందం మోజు ఐదారేళ్లలో తీరిపోతుంది. ఒక పాత బోర్డు చూసి అది ఏ పదేళ్లలో పెట్టిందో మనం చెప్పగలుగుతున్నామంటే కారణం ఇదే. ఇంగ్లిషు స్పెల్లింగులో అచ్చులు మింగేయడం, ఉన్న s బదులు z పెట్టడం కూడా ఈ కోవలోవే.

యోగా పద్ధతి పేరో, మనిషి పేరో పెట్టుకుంటే ఫ్యాషన్ బెడద తప్పుతుందనుకునేవాళ్లున్నారు. అయ్యంగార్ పద్ధతిలో శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు తప్ప ఆ పేరు వాడే వీలు లేదు. వాడినా మీ హాలు ఆ పద్ధతి దాటి బయటికి రాలేదు. రేపు సాయంత్రం ధ్యానం క్లాసు పెడితే ఇదెక్కడిదంటారు. మనిషి పేరుతో ముప్పు ఇంకా పెద్దది. వేడిగదిలో ఇరవయ్యారు ఆసనాల వరసను ప్రపంచమంతా వ్యాపింపజేసిన బిక్రమ్ చౌదరి పేరుతో ఎన్నో దేశాల్లో వందల స్టూడియోలు నడిచాయి. ఆయన మీద 2013 నుంచి అమెరికాలో లైంగిక దాడుల ఆరోపణలతో దావాలు పడ్డాక, ఏ పాపమూ ఎరుగని ఎందరో టీచర్లు బోర్డులు దించుకుని, వేడి యోగా అని కొత్తగా రాయించుకోవాల్సి వచ్చింది. ఆసనాలు అవే, గది అదే, టీచరూ అదే. పేరొక్కటే వాళ్ల చేతిలో లేకుండా పోయింది. కన్నుమూసి ఎంతోకాలమైనవారి పేరు కొంత నయం. సికింద్రాబాద్‌లోని వేమన యోగా పరిశోధన సంస్థ పేరు వింటే ఎవరికీ అడ్డు అనిపించదు, వేమన ఏ గుడి గోడల్లోనూ ఇమిడేవాడు కాదు కాబట్టి. కానీ అలాంటి పేరు ఒక సంస్థకు నప్పినట్టు ఇరవై చాపల హాలుకు నప్పదు.

చోటు పేరు పెట్టుకోవడం అన్నిటికన్నా సురక్షితమైన దారి. గుణదల యోగశాల. ఇందులో ఫ్యాషన్ లేదు, నమ్మకం లేదు. ఆటో అతనికి చెప్పడం తేలిక, ఫోన్లో వెతికేవాళ్లకు దొరకడమూ తేలిక. ముంబైలో 1918లో మొదలైన సంస్థ పేరు కేవలం ‘ది యోగా ఇన్‌స్టిట్యూట్’. నూరేళ్లు దాటినా ఆ పేరు పాతబడలేదు, ఎవరూ దాన్ని చూసి వెనకడుగు వేయలేదు. నిజం చెప్పాలంటే ఊళ్లో ఒకే ఒక్క హాలు నడుపుకుందామనుకునేవాళ్లకు నేనిదే చెబుతాను. లోటు రెండు చోట్ల బయటపడుతుంది. పటమటలో రెండో హాలు తెరిస్తే గుణదల పేరు అక్కడ పనికిరాదు. రెండోది చట్టం. అదే వీధిలో ఇంకొకరు వచ్చి ‘శ్రీ గుణదల యోగశాల’ అని పెట్టుకుంటే ఆపడం చాలా కష్టం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం చేసే పనినో, చోటునో మాత్రమే చెప్పే మాటలకు మామూలుగా రిజిస్ట్రేషన్ ఇవ్వరు. యోగా ఎవరి సొత్తూ కాదు, గుణదలా ఎవరి సొత్తూ కాదు.

మన టీచరమ్మకు తర్వాతైనా రెండో హాలు ఆలోచన ఉందనుకుందాం. అప్పుడు వెతకాల్సింది ఇంట్లో రోజూ వాడే తెలుగు మాటల్లో. దేవుళ్లతో పనిలేని, అన్ని ఇళ్లలో ఒకేలా పలికే, కొత్తగా పుట్టని మాటలు అక్కడే ఉన్నాయి. అయితే ఒక్కొక్కదాన్నీ పైకి అని చూడాలి, ఎక్కడెక్కడ ఎలా వాడతామో గుర్తుచేసుకోవాలి.

‘నిలకడ’ మొదట బాగా అనిపిస్తుంది. కానీ టీవీలో, పేపర్లో అది ఎప్పుడొస్తుంది? ఫలానా నాయకుడి ఆరోగ్య పరిస్థితి నిలకడగా ఉందని ఆసుపత్రి బులెటిన్ ఇచ్చినప్పుడు. ‘స్థిమితం’ ఇంకా చక్కటి మాట, కానీ చెవిలో దాని ముందు ‘మతి’ వచ్చి కూర్చుంటుంది. ధ్యానానికి వెళ్తున్నామంటే ఇంట్లో వాళ్లే ఏమైందని అడిగే ఊళ్లో ఆ పేరు పెట్టకూడదు. ‘ఊపిరి’ ప్రాణాయామానికి సరిగ్గా సరిపోతుంది. కింద మందుల షాపున్న మేడమీద మాత్రం అది ఊపిరితిత్తుల డాక్టరు బోర్డైపోతుంది. పైగా అదే పేరుతో 2016లో పేరున్న సినిమా వచ్చింది కాబట్టి ఫోన్లో వెతికితే ముందు పాటలే దొరుకుతాయి. ‘అరుగు’ నాకు ఇష్టమైన మాట. వీధివాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు. కానీ మోకాళ్లు అరిగిపోయాయన్న భయంతోనే సగంమంది యోగాకు వచ్చేది, వాళ్లకు ఆ మాట చూపించకూడదు. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. మన ఊళ్లలో అరుగులు అందరినీ కూర్చోనిచ్చినవి కావు. అందరూ రావాలన్న హాలుకు ఆ జ్ఞాపకం ఉన్న పేరెందుకు?

‘కుదురు’ దగ్గరికొస్తే ఇవేవీ అడ్డం రావు. ‘కాస్త కుదురుగా కూర్చో’ అనని అమ్మ ఏ ఇంట్లోనూ, ఏ మతంలోనూ ఉండదు. అడుగున గుండ్రంగా ఉండే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టనూ కుదురనే అంటారు. ఒళ్లు కదలకుండా, మనసు దొర్లకుండా కూర్చోవడం నేర్పే చోటుకు ఇంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు. పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణాలు కూడా స్థిరంగా, సుఖంగా ఉండటమే. పొద్దుటి ఆసనాలకూ సరిపోతుంది, సాయంత్రం ధ్యానానికీ సరిపోతుంది. దీనికీ ఒక పరీక్ష ఉంది. ‘కుదిరింది’ అంటే పెళ్లి సంబంధం గుర్తొస్తుంది, కాబట్టి బోర్డు మీద ఒంటరిగా కుదురు అని వదిలేస్తే పెళ్లిళ్ల బ్యూరో అనుకునేవాళ్లు ఉండొచ్చు. వెనక యోగశాల చేరిస్తే ఆ అనుమానం పోతుంది. కుదురు యోగశాల.

ఆ పేరు ఖాయం చేసుకునేముందు చేయాల్సిన పని కూర్చున్నచోటే అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్లో ట్రేడ్ మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. యోగా శిక్షణ 41వ తరగతి కిందికి వస్తుంది. ఆ తరగతిలో పేరును ఉన్నదున్నట్టు ఒకసారి, Phonetic అన్న ఎంపికతో ఇంకోసారి వెతకాలి. రెండోది ముఖ్యం, ఎందుకంటే చెవికి ఒకేలా వినిపించే పేరు వేరే స్పెల్లింగుతో ఉన్నా అభ్యంతరం వస్తుంది. దొరికితే పేరు మార్చుకోవడానికి ఇదే సమయం. బోర్డు రాయించాక, కరపత్రాలు పంచాక వకీలు నోటీసు వస్తే ఖర్చు ఎన్నోరెట్లు. దొరక్కపోతే వ్యక్తిగా ఆన్‌లైన్లో దరఖాస్తు చేయడానికి ఒక తరగతికి ఫీజు 4,500 రూపాయలు. పరిశీలన దాటాక ట్రేడ్ మార్కుల జర్నల్లో ప్రచురిస్తారు, అభ్యంతరం చెప్పేవాళ్లకు నాలుగు నెలల గడువు ఉంటుంది. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు.

ఇక్కడ నమ్మకాల సంగతికీ చట్టానికీ ఒక ముడి ఉంది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తుల్ని అదే తొమ్మిదో సెక్షన్ తోసిపుచ్చుతుంది. అంతకుమించి, అగరుబత్తీలకు ‘రామాయణ్’ అన్న పేరు తనదేనన్న వ్యాపారి వాదనను సుప్రీంకోర్టు 2015లో ఒప్పుకోలేదు. పవిత్ర గ్రంథం పేరును సరుకుల గుర్తుగా ఒక్కరే సొంతం చేసుకోలేరన్నది. దేవుడి పేరో, గ్రంథం పేరో పెట్టుకుంటే భక్తులు ఆదరిస్తారని అనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది. అలాంటి పేరు కొందరిని బయటే ఆపుతుంది, పైగా రేపు ఎవరైనా కాపీ కొడితే కాపాడుకోవడమూ కష్టం.

పేరు కాగితం మీద బాగుండి ఫోన్లో దెబ్బతినే సందర్భాలు ఎక్కువ. తెలుగువాళ్లం ‘ద’ను ఒకరు d అని, ఇంకొకరు dh అని కొడతాం. కుదురును Kuduru అనీ, Kudhuru అనీ రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లిషులో రాసింది చూసి ఉత్తరాదివాళ్లు ‘కుడురు’ అని చదివే వీలుంది. కాబట్టి టీచరమ్మ చేయవలసింది, పేరును ఎవరికీ రాసి చూపించకుండా ఫోన్లో చెప్పి, వాట్సాప్‌లో ఇంగ్లిషు అక్షరాలతో పంపమని నలుగురైదుగురిని అడగడం. వాళ్లలో ఒక నర్సు, ఒక ఆటోడ్రైవరు, ఒక కాలేజీ పిల్ల, అరవై దాటిన ఒక పెద్దాయన ఉంటే మేలు. ఎక్కువమంది ఎలా కొడితే అదే బోర్డు మీద పెట్టి, రెండో స్పెల్లింగుతో ఉన్న ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను, వెబ్ చిరునామాను కూడా తానే తీసి ఉంచుకోవాలి. పెద్దాయన పేరును రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడంటే ఆ పేరు పలకడంలో ఎక్కడో చిక్కుందని అర్థం. కుదురు యోగశాలలో ‘రు’ తర్వాత ‘యో’ రావడం వల్ల నాలుక తడబడదు. ‘కుదురు ధ్యానయోగ శిక్షణాలయం’ అని పెట్టి ఉంటే మూడోసారి చెప్పినా ఎక్కేది కాదు.

మిగిలింది బోర్డు. దుకాణాల చట్టం నిబంధనల ప్రకారం పేరు ముందు తెలుగులో ఉండాలి, ఇతర భాషలు దాని కిందే రావాలి. మన పేరుకు అది కలిసొచ్చే సంగతే. కుదురు అన్న మూడక్షరాలూ పెద్దవిగా, యోగశాల సగం సైజులో పక్కనే, దాని కింద ‘ఉదయం ఆసనాలు, ప్రాణాయామం – సాయంత్రం ధ్యానం’ అన్న వరస. బోర్డు వేసేవాళ్లు అడక్కుండానే పద్మాసనంలో కూర్చున్న నీడబొమ్మ, వెనక ఉదయించే సూర్యుడు, మూలన ఓంకారం పెట్టి డిజైన్ తెస్తారు, వాళ్ల కంప్యూటర్లో యోగా అంటే ఉండేది అదొక్కటే. పేరు కోసం పడ్డ కష్టమంతా ఆ మూల బొమ్మతో పోతుంది. డిజైన్ ఖాయం చేసేటప్పుడు టీచరమ్మ ఆ షాపులో పక్కన కూర్చుని తీయించాల్సినవి అవే. బొమ్మ కావాలంటే చుట్టిన చాప చాలు. ఫోన్ నంబరు మాత్రం రోడ్డు అవతలి నుంచి చదవగలిగేంత పెద్దదిగా ఉండాలి.